విదేశం వెళ్ళేముందు ఓటీటీ ప్లాన్లు సర్దుకోవడం ఎలా

మా తమ్ముడు ఉద్యోగం మీద మ్యూనిక్ వెళ్ళి మొదటి శనివారం రాత్రి ఫోన్ చేశాడు. చలి ఎలా ఉందో, గది ఎలా ఉందో చెప్తాడనుకున్నా. "అన్నా, డబ్బులు కట్టిన యాప్‌లో సగం సినిమాలు మాయమైపోయాయి, అకౌంట్ ఎవరైనా హ్యాక్ చేశారా?" అని అడిగాడు. హ్యాకూ లేదు, గీకూ లేదు. అకౌంట్ ఎప్పటిలాగే ఉంది, మారింది వాడున్న చోటు. అప్పటినుంచి మా ఇంట్లో, స్నేహితుల్లో ఎవరు దేశం దాటుతున్నా ముందు ఓటీటీ సంగతి చూడమని నేనే గుర్తుచేస్తున్నాను. మీరు కూడా సర్దుకుంటుంటే వీసా కాగితాల మధ్య ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. చాలా పనులు ఇక్కడ పది నిమిషాల్లో అయిపోతాయి. అవే అక్కడికి వెళ్ళాక ఓటీపీ రాక వారాలు పడతాయి.

సినిమా ఎందుకు మాయమవుతుంది

ఇది అర్థం కావడానికి మన డిస్ట్రిబ్యూటర్ల లెక్క గుర్తుచేసుకుంటే చాలు. తెలుగు సినిమాను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడివిడిగా అమ్ముతారు. కర్ణాటక వేరు, ఓవర్సీస్ వేరు. సీడెడ్ హక్కులు కొన్నవాడు నైజాంలో ఒక్క ఆట కూడా వేయలేడు. (1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకు వదిలేసిన జిల్లాలు కాబట్టి రాయలసీమకు ఆ పేరు వచ్చింది. సినిమావాళ్ళు దాన్ని ఇప్పటికీ వదల్లేదు.) ఓటీటీ హక్కుల అమ్మకం కూడా ఇలాగే సాగుతుంది. ఏరియాల స్థానంలో దేశాలు ఉంటాయంతే. నిర్మాత ఒక కంపెనీకి ఇండియా వరకే ఇస్తే ఆ సినిమా ఇండియాలోనే కనిపిస్తుంది. జర్మనీ హక్కులు ఇంకొకరి దగ్గర ఉండొచ్చు, అసలు ఎవరూ కొనకపోయి ఉండొచ్చు.

దేశంతో పాటు భాషనుబట్టి కూడా హక్కులు చీలతాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ ఆర్ఆర్ఆర్. 2022 మే 20న ఒకే రోజున హిందీ వెర్షన్ నెట్‌ఫ్లిక్స్‌లో, తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం వెర్షన్లు జీ5లో వచ్చాయి. నెట్‌ఫ్లిక్స్‌లో చూసిన విదేశీయుల్లో చాలామంది అది హిందీ సినిమా అనుకోవడానికి కారణం అదే. కాబట్టి "ఆ యాప్‌లో ఆ సినిమా ఉందా?" అని మాత్రమే అడిగితే సరిపోదు. నేను వెళ్ళే దేశంలో ఉందా, ఉంటే ఏ భాషలో ఉంది అని కూడా అడగాలి.

కంపెనీ సొంతంగా నిర్మించిన సిరీస్‌లకు ఈ బాధ తక్కువ. ప్రపంచమంతటి హక్కులు వాళ్ళ దగ్గరే ఉంటాయి కాబట్టి అవి సాధారణంగా ఎక్కడైనా కనిపిస్తాయి. మాయమయ్యేవి ఎక్కువగా బయట కొన్న సినిమాలే. మనవాళ్ళకు కావలసినవి కూడా అవే.

మీకు నాలుగు చిరునామాలు ఉన్నాయి

ఈ వ్యవహారంలో వచ్చే గందరగోళమంతా దాదాపు ఒకచోట పుడుతుంది. ఓటీటీ కంపెనీల దృష్టిలో మీకు ఒక చిరునామా కాదు, నాలుగు ఉన్నాయి. మొదటిది అకౌంట్ తెరిచిన దేశం. మీకు ఏ కరెన్సీలో బిల్లు వస్తుందో, ఏ ప్లాన్లు చూపిస్తారో దాన్నిబట్టే ఉంటుంది. రెండోది ఈ క్షణాన మీ ఇంటర్నెట్ ఏ దేశం నుంచి వస్తోందన్నది. ఐపీ అడ్రస్ చూసి తేలుస్తారు. మూడోది కార్డు ఇచ్చిన బ్యాంకు దేశం. నాలుగోది మీ ఫోన్‌లోని ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ దేశం. హైదరాబాద్‌లో ఉన్నంత కాలం నాలుగూ ఒకటే కాబట్టి వాటి సంగతే మనకు పట్టదు. విమానం దిగగానే రెండోది ఒక్కటే మారి, మిగతా మూడూ ఇండియాలోనే ఉండిపోతాయి.

ఏది కనిపించాలన్నది ఎక్కువగా తేల్చేది ఆ రెండోదే. నెట్‌ఫ్లిక్స్‌లో మీ అకౌంట్ ఇండియాది అయినా, బిల్లు రూపాయల్లో కడుతున్నా, మ్యూనిక్‌లో కూర్చుంటే జర్మనీ జాబితానే వస్తుంది. ప్రైమ్ వీడియో పద్ధతి కొంచెం వేరు. అక్కడ అకౌంట్‌కు ఒక సొంత దేశం ఉంటుంది. బయటికి వెళ్తే ఆ దేశపు జాబితాలోంచి, విదేశంలో కూడా చూపించడానికి హక్కులున్న కొన్నింటినే వదులుతారు. ఇక ఇండియా వరకే నడిచే సర్వీసులు సరిహద్దు దాటగానే అసలు తెరుచుకోవు. జీ5కు ఇండియా సర్వీసు వేరు, జీ5 గ్లోబల్ వేరు. ఇక్కడ కట్టిన ప్లాన్ అక్కడ పనికొస్తుందనుకోవద్దు.

ఇక్కడ చాలామంది బోల్తాపడే తమాషా ఒకటి ఉంది. మా తమ్ముడికి ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు అన్ని సినిమాలూ కనిపించాయి. "ఏం ఫర్వాలేదు, పనిచేస్తోంది" అని వాట్సాప్ కూడా పెట్టాడు. అద్దె గదిలో వైఫై పెట్టుకున్నాకే అవి మాయమయ్యాయి. ఎందుకంటే ఎయిర్‌పోర్టులో వాడు ఇండియా సిమ్ మీద రోమింగ్ డేటా వాడుతున్నాడు. రోమింగ్‌లో మన డేటా చాలాసార్లు తిరిగి మన ఆపరేటర్ నెట్‌వర్క్ మీదుగానే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. మనిషి మ్యూనిక్‌లో ఉన్నా ఐపీ అడ్రస్ ఇండియాదే. ప్రయాణాల కోసం కొనే ఈసిమ్‌లతో ఇంకా వింతగా ఉంటుంది, కొన్నిసార్లు సంబంధం లేని మూడో దేశం జాబితా వస్తుంది. అందుకే యాప్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే రోమింగ్ ఆపేసి, స్థానిక వైఫై మీద చూడండి.

బయల్దేరడానికి నెల ముందు

ముందు ఒక కాగితం తీసుకుని మీరు డబ్బు కడుతున్న ఓటీటీలన్నీ రాయండి. ప్రతిదానికీ ఎదురుగా మూడు విషయాలు ఉండాలి. ఎవరి ఫోన్ నంబరుతో లేదా ఈమెయిల్‌తో తెరిచారు, డబ్బు ఏ దారిన పోతోంది, ఎప్పుడు రెన్యూ అవుతుంది. రెండోది రాసేటప్పుడు జాగ్రత్త. కొన్ని ప్లాన్లు మీరు విడిగా కొన్నవి కాకుండా ఫోన్ రీఛార్జ్‌తోనో బ్రాడ్‌బ్యాండ్‌తోనో కలిసి వచ్చి ఉంటాయి. నంబరు ఆపేస్తే, లేదా చిన్న రీఛార్జ్‌కు మారితే అవీ పోతాయి. ప్లే స్టోర్ లేదా యాపిల్ ద్వారా కట్టేవాటిని విడిగా గుర్తు పెట్టుకోండి. వాటి సంగతి కింద చెప్తాను.

తర్వాత, మీరు నిజంగా చూసేవి ఒక పది రాయండి. అమ్మ చూసేవి కాకుండా, మీరు చూసేవి. JustWatch అనే సైటులో దేశం మార్చుకుని వెతకొచ్చు. జర్మనీ ఎంచుకుని ఆ పదీ అక్కడ ఎందులో ఉన్నాయో చూడండి. ఈ జాబితాలు ఒక్కోసారి ఆలస్యంగా అప్‌డేట్ అవుతాయి, చిన్న తెలుగు ఓటీటీల విషయంలో లోట్లూ ఉంటాయి. అయినా మొదటి అంచనాకు చాలు. అక్కడ ఇప్పటికే ఉన్న స్నేహితుడు ఉంటే అతని ఫోన్‌లో రెండు సినిమాలు వెతికి చూడమంటే ఇంకా నయం. మేము ఆ ఫోన్ వచ్చాకే ఇది చేశాం, మా వాడి పదింటిలో జర్మనీలో దొరికినవి నాలుగు. దాంతో ఏది ఉంచాలో ఏది ఆపాలో సగం తేలిపోయింది.

క్రికెట్ చూసేవాళ్ళు దాన్ని విడిగా చూసుకోండి. ఆటల హక్కులు సినిమాలకన్నా గట్టిగా దేశాలవారీగా అమ్ముతారు. ఐపీఎల్‌కు ఇండియా యాప్ ఒకటి, అమెరికాలో విల్లో. ఇండియా ప్లాన్ ఉంచుకుంటే బయట మ్యాచ్ వస్తుందన్న ఆశ పెట్టుకోకండి.

ఏడాది ప్లాన్లు ఏవైనా ఈ నెలలో రెన్యూ కాబోతుంటే ఆటోపే ఆపేయండి. మా తమ్ముడు జూన్‌లో ఒక తెలుగు యాప్‌కు ఏడాది డబ్బు కట్టి, ఆగస్టులో విమానం ఎక్కాడు. రీఫండ్ అడిగితే రాదన్నారు. నిబంధనల్లో ఇండియాకే అని ముందే రాసి ఉంది, మనం చదవలేదు. పది నెలల ప్లాన్ మిగిలిపోతే హనుమకొండలో నాన్న టీవీలో లాగిన్ చేసి వదిలేశాం. నాన్న దాంట్లో పాత సినిమాలు తప్ప ఏమీ చూడరు, అది వేరే విషయం.

డబ్బు సంగతి

ఈ భాగం ఇండియాలో ఉండగానే పూర్తి చేయాలి. కారణం రిజర్వ్ బ్యాంకు ఆటోపే నిబంధన. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద ప్రతినెలా కట్ అయ్యే చెల్లింపులకు ఇ-మ్యాండేట్ అనే ముందస్తు అనుమతి ఉండాలి. మొదటిసారి రిజిస్టర్ చేసేటప్పుడు ఓటీపీ తప్పనిసరి. తర్వాత 15,000 రూపాయల లోపు చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అడగరు, కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపుతుంది. కార్డు మారితే మళ్ళీ మొదటినుంచి రిజిస్టర్ చేయాలి, మళ్ళీ ఓటీపీ.

ఇందులో రెండు గుంటలున్నాయి. ఒకటి సిమ్. విదేశంలో ఓటీపీ రావాలంటే ఇండియా నంబరు బతికుండాలి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేసి ఉండాలి. డేటా అక్కర్లేదు, ఎస్సెమ్మెస్ వస్తే చాలు. ఆ సెట్టింగ్ ఇక్కడే పెట్టుకోండి. రెండోది బ్యాంకు ఖాతా. ఉద్యోగానికి విదేశం వెళ్ళి, విదేశీ మారక చట్టమైన ఫెమా లెక్క ప్రకారం ఎన్ఆర్ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతా కొనసాగించకూడదు, దాన్ని ఎన్ఆర్ఐలకు ఉండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోవాలి. ఆ మార్పులో డెబిట్ కార్డు కొత్తది వస్తే పాత కార్డు మీద ఉన్న ఆటోపేలన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. అమ్మ "టీవీ రావట్లేదురా" అని ఫోన్ చేసేదాకా మీకు తెలియదు.

కాబట్టి ఇంట్లోవాళ్ళ కోసం ఉంచే ప్లాన్లన్నిటినీ మీ కార్డు మీంచి తీసేసి నాన్న కార్డు మీదికో, ఇండియాలోనే ఉండే తోబుట్టువు కార్డు మీదికో మార్చండి. ఓటీపీ ఆ ఇంట్లోనే వస్తుంది, గొడవ ఉండదు. మా ఇంట్లో అన్నీ నా కార్డు మీదికి వచ్చిపడ్డాయి. పెద్దవాడిగా పుట్టినందుకు ఇదొకటి.

ఏ అకౌంట్ ఎవరికి

ఇక అసలు నిర్ణయం. నెట్‌ఫ్లిక్స్‌నే తీసుకుందాం, ఎందుకంటే దీనిలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. "అకౌంట్ నాతో తీసుకెళ్తాను, అమ్మానాన్న కూడా అదే వాడతారు" అన్నది సహజంగా వచ్చే ఆలోచన. అది ఎక్కువ రోజులు నడవదు. 2023 జులై నుంచి ఇండియాలో కూడా ఒక అకౌంట్ అంటే ఒక ఇల్లు అన్న నిబంధన అమల్లో ఉంది. టీవీ ఏ ఇంటర్నెట్ మీద నడుస్తోందో ఆ ఇల్లే మీ ఇల్లు. ఇంకో ఇంటి టీవీలో పెడితే ఇది మీ ఇంటిది కాదని అడ్డుపడుతుంది. అదనపు సభ్యుడిని డబ్బు కట్టి చేర్చుకునే సౌకర్యం ఉన్న దేశాల్లో కూడా, ఆ సభ్యుడు అకౌంట్ ఉన్న దేశంలోనే ఉండాలి. అంటే జర్మనీ అకౌంట్‌లో హనుమకొండలో ఉన్న అమ్మను చేర్చలేరు.

అందుకే మేము ఇలా చేశాం. పాత అకౌంట్‌ను ఇంట్లోనే వదిలేశాం. వాడి ఫోన్ వచ్చిన వారమే దాని ఈమెయిల్, ఫోన్ నంబరు, కార్డు, పాస్‌వర్డ్ అన్నీ ఇంట్లోవాళ్ళవి పెట్టి, హనుమకొండ టీవీనే ఇల్లుగా నమోదు చేశాం. తమ్ముడు తన లిస్టును స్క్రీన్‌షాట్లు తీసుకున్నాడు. మ్యూనిక్‌లో బ్యాంకు ఖాతా తెరిచాక అక్కడి కార్డుతో కొత్త అకౌంట్ తీసుకున్నాడు. మధ్యలో మూడు వారాలు ఏమీ లేకుండా గడిచింది, ఎవరూ చనిపోలేదు.

ఇంట్లో ఎవరూ వాడరు, అకౌంట్ మీ ఒక్కరిదే అయితే దారి వేరు. సెట్టింగుల్లో దేశం మార్చే బటన్ కోసం వెతక్కండి, అది లేదు. ప్లాన్ రద్దు చేసి, కట్టిన నెల పూర్తిగా అయిపోయేదాకా ఆగి, కొత్త దేశంలో అక్కడి కార్డుతో అదే ఈమెయిల్ మీద మళ్ళీ మొదలుపెట్టాలి. రద్దు చేసిన 10 నెలల వరకు మీ ప్రొఫైల్, చూసిన చరిత్ర దాచి ఉంచుతారు కాబట్టి ఏమీ పోదు. ఆ నెల అయిపోకముందే తొందరపడి మళ్ళీ మొదలుపెడితే పాత రూపాయల ప్లానే కొనసాగుతుంది. మారిందో లేదో తెలుసుకోవడం తేలిక. బిల్లు పేజీలో రూపాయి గుర్తు ఉంటే మారలేదు, యూరో ఉంటే మారింది.

ప్రైమ్ విషయంలో ఏ దేశం అమెజాన్‌లో సభ్యత్వం కొన్నారో అక్కడిదే లెక్క. ఇండియా ప్రైమ్ ఉందని జర్మనీలో డెలివరీ ఉచితంగా రాదు. గడువు ఇంకా మిగిలి ఉంటే ఇంట్లో వదిలేసి, అక్కడ అవసరమనిపిస్తే అక్కడిది కొత్తగా తీసుకోండి. రెండింటికీ వేర్వేరు ఈమెయిల్ వాడితే గందరగోళం ఉండదు.

యాప్ స్టోర్ దేశం: తొందరపడకండి

అక్కడి ఓటీటీ యాప్ ఒకటి మీ ప్లే స్టోర్‌లో కనపడదు, వెంటనే ప్లే స్టోర్ దేశం మార్చేయాలనిపిస్తుంది. మా వాడు మొదటి వారంలోనే Settings లో General, Account and device preferences, Country and profiles దాకా వెళ్ళి జర్మనీ పెట్టేశాడు. తర్వాత ఇండియా బ్యాంకు యాప్ ఒకటి వేసుకుందామంటే స్టోర్‌లో కనపడలేదు. వెనక్కి మారుద్దామంటే కుదరదు, ఏడాదికి ఒక్కసారే మార్చనిస్తారు. పాత దేశంలో మిగిలిన ప్లే బ్యాలెన్స్ కూడా కొత్త దేశంలో పనికిరాదు.

దీనికి మంచి పద్ధతి ఏమిటంటే, పాత గూగుల్ అకౌంట్‌ను ఇండియాలోనే ఉంచి, జర్మనీ యాప్‌ల కోసం రెండో గూగుల్ అకౌంట్ తెరవడం. ఒకే ఫోన్‌లో రెండూ ఉండొచ్చు. ప్లే స్టోర్‌లో పైన బొమ్మ నొక్కి అకౌంట్ మార్చుకుంటూ కావలసిన యాప్ వేసుకోవచ్చు.

ఐఫోన్‌లో ఇంకొంచెం పట్టుదల. దేశం మార్చాలంటే ముందు అక్కడి బ్యాలెన్స్ ఖర్చు చేయాలి, యాపిల్ ద్వారా కట్టే చందాలన్నీ రద్దు చేసి వాటి గడువు అయిపోయేదాకా ఆగాలి. ఏడాది చందా ఒకటి ఉంటే ఏడాదంతా ఇరుక్కుంటారు. అందుకే పైన కాగితంలో వాటిని గుర్తు పెట్టుకోమన్నాను.

వెళ్ళాక ఎదురయ్యేవి

సినిమా కనిపిస్తోంది గానీ తెలుగు ఆడియో కనపడటం లేదంటే ముందు ప్రొఫైల్ భాష చూడండి. 2025 వరకు నెట్‌ఫ్లిక్స్ టీవీ యాప్, ఉన్న భాషలన్నీ చూపించకుండా, మీ ప్రాంతాన్ని, మీ సెట్టింగులను బట్టి కొన్ని భాషలనే ముందు పెట్టేది. జర్మనీలో అవి జర్మన్, టర్కిష్, పోలిష్ లాంటివి అయ్యేవి. ప్రొఫైల్‌లో ఇష్టమైన భాషల్లో తెలుగు టిక్ పెట్టి, యాప్ మూసి మళ్ళీ తెరవండి. అప్పటికీ రాకపోతే ఆ దేశానికి తెలుగు హక్కులు లేవని అర్థం.

వెళ్ళేముందు డౌన్‌లోడ్ చేసుకున్నవి విమానంలో చూసేయండి. కొత్త దేశంలో ఫోన్ ఇంటర్నెట్‌కు తగలగానే, అక్కడ హక్కులు లేని సినిమాలు డౌన్‌లోడ్ అయి ఉన్నా ఆడవు.

వేరే దేశంలో ఉన్నట్టు చూపించే వీపీఎన్ పెట్టుకో అని ప్రతి స్నేహితుడూ చెప్తాడు. చెప్పినంత తేలిక కాదు. నెట్‌ఫ్లిక్స్ వీపీఎన్‌ను పసిగడితే ప్రపంచమంతా హక్కులున్న సొంత సినిమాలను మాత్రమే చూపిస్తుంది. ప్రకటనలతో వచ్చే ప్లాన్‌లో వీపీఎన్ అసలు కుదరదు, లైవ్ కార్యక్రమాలూ రావు. ధర తక్కువ ఉన్న దేశం పేరుతో ప్లాన్ కొనడం ఇంకా ప్రమాదం. ఇండియాలో 2021 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ మొబైల్ ప్లాన్‌ను 149 రూపాయలకు తగ్గించింది. అలాంటి ధరలు ఇక్కడి ఆదాయాలకు పెట్టినవి కాబట్టే ఎక్కడినుంచి కడుతున్నారో కంపెనీలు అంత పట్టుగా చూస్తాయి. నెలనెలా వీపీఎన్‌కు కట్టే డబ్బుతో అక్కడ చట్టబద్ధంగా దొరికే ఒక తెలుగు ఓటీటీ అంతర్జాతీయ ప్లాన్ వస్తుందేమో ముందు చూడండి.

జర్మనీలాంటి ఐరోపా సమాఖ్య దేశానికి వెళ్ళేవాళ్ళకు ఒక మంచి వార్త ఉంది. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ పోర్టబిలిటీ నిబంధన ఉంది. జర్మనీలో ఉంటూ డబ్బు కట్టి తీసుకున్న ప్లాన్‌తో నాలుగు రోజులు పారిస్ వెళ్తే అక్కడ కూడా జర్మనీ జాబితానే ఇవ్వాలి, అదనంగా డబ్బు అడగకూడదు. తాత్కాలికంగా వెళ్ళినప్పుడే ఇది. ఇల్లు మారిస్తే వర్తించదు. బ్రిటన్ బయటికి వచ్చేసింది కాబట్టి లండన్ వెళ్తే వర్తించదు, ఇండియా ప్లాన్‌కు అసలే వర్తించదు.

మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు హనుమకొండలో తన జర్మనీ అకౌంట్ తెరిచాడు. యూరోల్లో కడుతున్న ఆ అకౌంట్‌లో ఇండియా జాబితా మొత్తం కనిపించింది. పండగ మూడు రోజులూ కూర్చుని ఐదు నెలలుగా చూడనివన్నీ చూశాడు. వెళ్ళేరోజు కొన్ని డౌన్‌లోడ్ చేసుకోబోతుంటే, "విమానంలో చూడగలిగినన్నే చేసుకో" అని చెప్పాను.